అగ్గిపెట్టెలో ఆరు మడతల ఉత్తరం

*బడి ఏడాది ముగిసే రోజున, ఏడేళ్ల బిడ్డ తన టీచరుకు ఏమివ్వగలదు? పరదరామిలో ఓ పాప నాలుగు సాయంత్రాలు కూర్చుని చేసిన చిన్న కానుక కథ ఇది. చేసే పద్ధతి కూడా.*

ఏప్రిల్ నెల. ఆఖరి పనిదినం. గుడియాత్తం నుంచి చిత్తూరు పోయే రోడ్డు మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. బడి గేటు దగ్గర పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో జిగేలుమనే కాగితం చుట్టిన పెన్నుల సెట్టు, ఇంకొకడి చేతిలో గాజు కప్పు. రెండో తరగతి చదివే మా చెల్లెలి కూతురు మాత్రం కుడిచేతి పిడికిలి గట్టిగా బిగించుకుని లోపలికి నడిచింది. ఆ పిడికిట్లోంచి బయటికి తొంగిచూస్తున్న దాన్ని చూసి ఆయా ఉలిక్కిపడింది.

"ఏం పాపా, అగ్గిపెట్టె తెచ్చినావే బడికి! ఇట్లియ్యి."

"ఇది అగ్గి లేని పెట్టె. టీచరుకి" అని పాప చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఆయా నమ్మలేదు. పిడికిలి విప్పించి చూసింది. నీలం, తెలుపు గళ్ల లుంగీ గుడ్డ అంటించిన అగ్గిపెట్టె. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పుల్లల చప్పుడు లేదు. అర కొంచెం లాగితే తెల్ల కాగితం మడత, దాని మీద వంకర అక్షరాల్లో పాప పేరు కనిపించాయి. ఆయా మెల్లగా అర మూసేసి, పెట్టె పాప చేతిలోనే పెట్టి, "పో, పో. మణి కొట్టేలోపల ఇచ్చేయి" అంది.

ఆ పెట్టె వెనక నాలుగు సాయంత్రాల పని ఉంది. అంతకుముందు మా ఇంట్లో జరిగిన చిన్న వాదన కూడా ఉంది.

తలా రెండు వందలు

పరీక్షలు దగ్గరపడేసరికి ఈ ప్రశ్న ప్రతి ఇంటికీ వస్తోంది. మా బంధువుల పిల్లవాడు చదివే ఒక ప్రైవేటు బడిలో అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపు ఉంది. కిందటి మార్చిలో అందులో ఒక సందేశం వచ్చింది. క్లాస్ టీచరుకు అందరం కలిసి మంచి బహుమతి ఇద్దాం, తలా 200 రూపాయలు పంపండి అని. పంపినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి పేరుస్తూ పోయారు. మూడోరోజుకు ఆ జాబితాలో లేని పేర్లు ఎవరివో అందరికీ తెలిసిపోయింది. వాళ్లలో ఒకామె అప్పుచేసి పంపింది. కొన్న వస్తువు ఏమిటో ఆ పిల్లవాడికి ఈ రోజుకీ తెలియదు. వాడు దాన్ని చూడలేదు, ముట్టుకోలేదు. ఇచ్చింది పెద్దవాళ్లు, ఫొటోలో నవ్వింది పెద్దవాళ్లు.

ఆ సంగతి విన్నాక మా చెల్లెలికి భయం పట్టుకుంది. "మన పాప ఊరికే పోతే బాగుండదేమో. ఒక చీరైనా కొందామా?" అని అడిగింది. ఆ మాట మా మేనత్త చెవిన పడింది. ఆమె ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఏమీ అనలేదు. లోపలికి పోయి మంచం కిందినుంచి రేకు పెట్టె లాక్కొచ్చింది.

పెట్టెలో పెన్నులు లేవు, కప్పులు లేవు. ఉన్నవన్నీ కాగితాలే. రూళ్ల పుస్తకం మధ్యలోంచి చించినవి, క్యాలెండరు వెనకవైపు రాసినవి, ఎండిన చామంతి రేకులు అంటించినవి. అత్త ఒకటి తీసి చదివింది. అందులో ఉన్నది ఒక్క వాక్యం. తన చెప్పు తెగితే టీచరు పిన్నీసు పెట్టి ఇచ్చిందని.

"పెన్నులు చానా మంది ఇచ్చినారు. ఎవరెవరిచ్చినారో గుర్తులేదు. ఈ పిలకాయను మాత్రం ఇప్పుడు రోడ్డుమీద చూసినా గుర్తుపడతా. నేను పిన్నీసు పెట్టినది నాకే గుర్తులేదు. వాడు రాసినాక గుర్తొచ్చింది" అంది.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. టీచరుకు పిల్లలు ఇవ్వగలిగిన కానుక ఆమె మరిచిపోయిన రోజు. ఆమె చేసి వదిలేసిన ఓ చిన్న పనిని బిడ్డ ఏడాదంతా దాచుకుని తిరిగి చేతిలో పెట్టడం. అది బజారులో దొరకదు. అమ్మానాన్నలు కూడా ఇవ్వలేరు, ఎందుకంటే ఆ రోజు వాళ్లు అక్కడ లేరు.

> అయ్యవారికి అప్పట్లో
>
> తెలుగు వీధిబడుల్లో అయ్యవారికి నెలజీతం ఉండేది కాదు. దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లలు రంగు కాగితాల విల్లంబులు పట్టుకుని దసరా పద్యాలు పాడేవారు. ఇంటివాళ్లు అయ్యవారికి తోచిన డబ్బు, పిల్లల చేతుల్లో పప్పు బెల్లాలు పెట్టేవారు. ఈ ఆచారం కోస్తా జిల్లాల్లో బాగా ఉండేది. డబ్బు ఇచ్చేది పెద్దవాళ్లే అయినా, అది రావడానికి గొంతు విప్పింది పిల్లలు. అయ్యవారు నేర్పిన పద్యాన్ని నలుగురి ముందు తప్పులేకుండా అప్పజెప్పడమే వాళ్లు తీర్చుకున్న రుణం.

అగ్గిపెట్టే ఎందుకు?

పరదరామిలో, గుడియాత్తం చుట్టుపక్కల ఇళ్లలో మూడు పనులు పిల్లలు పుట్టినప్పటినుంచీ చూస్తారు. మగ్గం మీద లుంగీ నేత, బీడీ చుట్టడం, అగ్గిపెట్టెల పని. ఈ మూడింటిలో రెండు పనుల్లో ఒకప్పుడు పిల్లల చేతులే ఎక్కువగా ఆడేవి. పెద్దవాళ్లతో పాటు కూర్చుని, బడికి పోవాల్సిన వేళలో, లెక్కకు ఇన్ని అని చేసేవారు. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం పిల్లలను పెట్టకూడదని నిషేధించిన పనుల పట్టికలో బీడీల తయారీ, అగ్గిపెట్టెల తయారీ రెండూ ఉన్నాయి. ఆ తరం వాళ్లు ఇప్పుడు అవ్వలయ్యారు. మా వీధిలో ఒక అవ్వకు అగ్గిపెట్టె అట్ట ఇస్తే చూడకుండానే మడుస్తుంది. సంతకం మాత్రం పెట్టడం రాదు.

అందుకే ఏం చేద్దామని ఆలోచిస్తున్నప్పుడు అత్త దేవుడి గూట్లోని అగ్గిపెట్టె తీసి చూపించింది. ఆ చేతులు అప్పట్లో అట్ట మడిచి అక్షరానికి దూరమయ్యాయి. ఈ చేతులు అదే అట్టలో అక్షరం పెట్టి టీచరుకు ఇస్తాయి. అంతకన్నా మంచి కానుక ఈ ఊళ్లో మాకు తోచలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. పాప టీచరు రోజూ గుడియాత్తం నుంచి బస్సులో వస్తుంది. భుజానికి ఒక సంచి, చేతిలో అన్నం క్యారియరు, గొడుగు. ఆఖరి రోజున ముప్పైమంది ముప్పై వస్తువులు ఇస్తే, సాయంత్రం కిక్కిరిసిన బస్సులో వాటిని ఎలా మోస్తుంది? పూలకుండీ ఇద్దామని మా చెల్లెలు ముందు అనుకుంది. బస్సు గుర్తొచ్చి మానుకుంది. అగ్గిపెట్టె అయితే పర్సులో పడుతుంది.

ఇక ధర సంగతి. 14 ఏళ్లపాటు రూపాయికే దొరికిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలయింది. ఖాళీ పెట్టెకు అదీ లేదు. ఒక ఇంట్లో ఎక్కువ, ఒక ఇంట్లో తక్కువ అనే మాటే రాదు. ప్రభుత్వ బడి టీచరుకు ఇది ఇంకో రకంగానూ ముఖ్యం. తమిళనాడులో 1973 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు కానుకలు తీసుకోవడం మీద హద్దులు పెట్టాయి. ఖరీదైన వస్తువు ఆమెను ఇరుకున పెడుతుంది. తీసుకుంటే ఒక తప్పు, వద్దంటే బిడ్డ ముఖం చిన్నబోతుంది. బిడ్డ రాసిన కాగితంతో ఆ చిక్కు ఉండదు.

మొదటి సాయంత్రం: అడగడం

అన్నింటికన్నా కష్టమైన పని ఇదే. అట్ట, గుడ్డ, జిగురు దీని తరవాతే.

మా చెల్లెలు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని "మీ టీచరంటే నీకెందుకు ఇష్టం?" అని అడిగింది. పాప "మంచిది" అంది. "ఇంకా?" అంటే "బాగా చెప్తుంది" అంది. అంతటితో అయిపోయింది. ఈ ప్రశ్న వేస్తే ఏ బిడ్డయినా ఇదే జవాబు చెబుతుంది. అది పెద్దవాళ్ల ప్రశ్న, బిడ్డ పెద్దవాళ్ల జవాబే వెతుక్కుంటుంది. ఈ జవాబుతో చేసిన కార్డు ఏ టీచరుకైనా ఇవ్వొచ్చు. అందుకే అది ఏ టీచరుకూ గుర్తుండదు.

అత్త పక్కన కూర్చుని ప్రశ్న మార్చింది. "ఈ ఏడు నువ్వు బడిలో ఎప్పుడేడ్చినావు?"

పాప వెంటనే అందుకుంది. "మొదటి దినం. అమ్మ గేటు కాడ వదిలేసి పూడిసింది. నేను చెప్పులు ఇప్పలేదు. టీచరు కూడా చెప్పులేసుకునే నా పక్కన కూసునింది. మళ్లీ ఇద్దరమూ కలిసి ఇప్పినాం."

మా చెల్లెలు నోరు తెరిచి చూసింది. పది నెలలుగా ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తరవాతి ప్రశ్నలన్నీ ఆ దారిలోనే నడిచాయి. ఏ అక్షరం నీకు రాలేదు? అన్నం వేళ టీచరు ఎక్కడ కూర్చుంటుంది? వాన వచ్చిన రోజు ఏం చేశారు? టీచరు సంచిలో ఏముంటాయి? నిన్ను ఏమని పిలుస్తుంది? ఇవన్నీ ఒక చోటు గురించో, ఒక రోజు గురించో, ఒక వస్తువు గురించో అడిగేవి. చిన్నపిల్లలు "ఎందుకు" అంటే తడబడతారు. "ఎప్పుడు", "ఎక్కడ", "ఏం చేసింది" అంటే సినిమా చూసినట్టు చెబుతారు.

అత్త పెట్టిన నియమం ఒకటుంది. బిడ్డ చెప్పింది చెప్పినట్టే ఒక కాగితం మీద రాసుకోవాలి. "కూసునింది" అంటే కూసునింది అనే. "కూర్చున్నారు" అని దిద్దితే అది పాప గొంతు కాకుండా పోతుంది.

నాలుక మడిచే అక్షరం

పాప చెప్పినవాటిలో ఒకటి మాకు మరీ నచ్చింది. మా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం ప్రకారం 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున పదోతరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తెలుగు ఇళ్ల పిల్లలకు తమిళంలో అన్ని అక్షరాలూ ఎలాగో పట్టుబడతాయి, ఒక్కటి తప్ప. అరటిపండును తమిళంలో వాళపళం అంటారు. అందులో మనం "ళ" అని పలికేచోట నిజానికి ఉన్నది ఇంకో అక్షరం. నాలుక కొసను వెనక్కి మడిచి, అంగిలికి తగలకుండా పలకాలి. ఇప్పటి మన అక్షరమాలలో అది లేదు. మా తరం వాళ్లం చాలామంది ఈ రోజుకీ "ళ"తోనే సరిపెట్టుకుంటాం.

పాపకూ రాలేదు. తోటి పిల్లలు నవ్వారు. అప్పుడు టీచరు నవ్విన పిల్లలను ఏమీ అనలేదట. మర్నాడు తన క్యారియరుతో పాటు ఒక అరటిపండు తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది ఎవరు సరిగ్గా పిలుస్తారో వాళ్లకు ముక్క" అందట. తమిళం ఇంటి పిల్లల్లోనూ సగంమంది తప్పారు. పాప మూడోసారికి పలికింది. ముక్క తిన్నది.

ఉత్తరంలోని ఆరు మడతల్లో మూడోదానికి ఆ పండు ఎక్కింది.

కొలతలు, మడతలు

రెండో సాయంత్రం కత్తెర పని. అది పెద్దవాళ్లదే. పుల్లలన్నీ తీసి ఒక డబ్బాలో వేసి పైన పెట్టేయాలి. అర బోర్లించి కొట్టి రజను దులపాలి. పెట్టె అంచున పుల్ల గీసే ముదురు రంగు పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. గుడ్డ దానిమీదికి కూడా వచ్చేలా అంటించి కప్పేయాలి.

మా ఇంటి పెట్టె అరను స్కేలుతో కొలిస్తే లోపల పొడవు 4.7 సెం.మీ., వెడల్పు 3.2 సెం.మీ. వచ్చింది. అన్ని కంపెనీల పెట్టెలూ ఒకే కొలత ఉండవు కాబట్టి ఎవరి పెట్టె వాళ్లు కొలుచుకోవాలి. అర కన్నా కాగితం రవ్వంత చిన్నదిగా ఉంటేనే లాగినప్పుడు ఇరుక్కోదు. అందుకని ఏ4 కాగితం నిలువు పొడవునా 3 సెం.మీ. వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించాం. దాని పొడవు 29.7 సెం.మీ. 4.5 సెం.మీ. దగ్గర ఒక మడత చొప్పున, విసనకర్రలా ముందుకొకటి వెనక్కొకటి మడుస్తూ పోతే ఆరు గళ్లు వచ్చి, చివర 2.7 సెం.మీ. తోక మిగులుతుంది. ఆ తోకను కత్తిరించి పారేయకూడదు. అర అడుగున అంటించేది దాన్నే. పట్టీ లాగినప్పుడు మొత్తం ఊడి చేతికి రాకుండా అది పట్టుకుని ఉంటుంది.

ఇక్కడ మేము ఒకసారి తప్పు చేశాం. మొదటి పట్టీలో ఐదు గళ్లే పెట్టి అంటించాం. మూసి, తెరిచి చూస్తే మొదటి బొమ్మ బోర్లా పడి కాగితం వీపు కనిపించింది. తోక వెల్లకిలా అంటుకుంటుంది, దానిమీద గడి బోర్లా పడుతుంది, ఆ పై గడి వెల్లకిలా. అలా లెక్కవేస్తూ పోతే గళ్లు సరిసంఖ్యలో ఉంటేనే పైన ఉండే గడి మనవైపు చూస్తుంది. నాలుగు, ఆరు లేదా ఎనిమిది. ఏడేళ్ల బిడ్డకు ఆరు చాలు.

> ఆరు గళ్లలో పాప పెట్టినవి
>
> ఒకటి: తన పేరు, తరగతి.
> రెండు: గేటు పక్కన నాలుగు చెప్పులు. రెండు పెద్దవి, రెండు చిన్నవి.
> మూడు: అరటిపండు, పక్కన నాలుక మడిచే అక్షరం.
> నాలుగు: మధ్యాహ్నం అన్నంలో ఇచ్చే కోడిగుడ్డు. పెంకు తీయడం రాకపోతే టీచరు వలిచి ఇచ్చిన రోజు.
> ఐదు: టీచరు గొడుగు కింద ముగ్గురు పిల్లలు.
> ఆరు: తమిళంలో "నండ్రి టీచర్", కింద బొటనవేలి ముద్ర.

రంగు అంటుకుంటే

మూడో సాయంత్రం బొమ్మలు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు క్రేయాన్లు ఉచితంగా ఇస్తారు. పాప వాటితోనే వేసింది. పట్టీ మడిచేముందు, పరిచి ఉన్నప్పుడే అన్ని గళ్లూ వేయించాలి. మడిచాక వేస్తే చెయ్యి జారుతుంది.

క్రేయాన్ అంటే మైనం. ఒత్తి దట్టంగా రుద్దితే, మడిచినప్పుడు ఎదురు గడికి అంటుకుంటుంది. మొదటిసారి మా అరటిపండు పసుపు చెప్పులకు అంటింది. ఏప్రిల్ ఎండకు అది ఇంకా మెత్తబడుతుంది. కాబట్టి గీత పెన్సిలుతో గీయించి, రంగు పైపైన వేయించాలి. స్కెచ్ పెన్ను వాడితే ఇంకో ఇబ్బంది. పలచటి నోటుపుస్తకం కాగితంలో సిరా వెనకకు దిగుతుంది. ఏ4 తెల్ల కాగితం కాస్త మందం కాబట్టి ఓర్చుకుంటుంది.

రాత విషయంలో ఓపిక పట్టాలి. ఏడేళ్ల పిల్లల అక్షరాలు లావుగా ఉంటాయి. మూడు సెంటీమీటర్ల గడిలో వాక్యం పట్టదు. ఒక గడికి ఒకటో రెండో మాటలు. మిగతాది బొమ్మ చెబుతుంది. పాప "టీచర్" అనే మాటలో ఒక అక్షరం తిప్పి రాసింది. మా చెల్లెలి చెయ్యి రబ్బరు మీదికి పోయింది. అత్త ఆపింది. "ఆ తప్పు టీచరు చూసుకుంటుంది. ఏ ఏట ఎట్లా రాసినారో చూసుకునేదానికే మేము ఈ కాగితాలు దాచేది" అంది.

ఇంకా రాయడం రాని అంగన్వాడీ పిల్లలయితే, ఒక్కో గడిలో ఒక్కో వేలిముద్ర చాలు. బిడ్డ చెప్పిన మాటలు కింద పెద్దవాళ్లు చిన్నగా రాసిపెడితే సరి.

నాలుగో సాయంత్రం అంటించడం. దర్జీ దగ్గర మిగిలిన లుంగీ పేలిక తెచ్చాం. పెట్టె చుట్టూ దారంతో కొలిస్తే 10 సెం.మీ. వచ్చింది. ఒకదానిమీద ఒకటి ఎక్కడానికి ఒక సెంటీమీటరు కలిపి గుడ్డ 11 సెం.మీ. కత్తిరించాం. జిగురు అన్నం మెతుకులదే. మెదిపి గుడ్డకు పూయాలి, అట్టకు కాదు. అట్టకు పూస్తే నాని మెత్తబడి పెట్టె నలిగిపోతుంది. ఆరేలోపు అరను లోపల పెడితే అంటుకుపోతుంది, తీసేస్తే పెట్టె ముడుచుకుంటుంది. అందుకని అరను సగం లోపలికి పెట్టి, గంటకోసారి అటూ ఇటూ కదిలించాం. రాత్రంతా నీడలో ఆరాలి. తడి ఉండగానే మూసేస్తే బూజు వాసన కొడుతుంది. అర లాగి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోతుంది.

రోజుకు ఇరవై నిమిషాలకు మించి పాపను కూర్చోబెట్టలేదు. ఈ పని ఒక్క రాత్రిలో ముగించాలనుకుంటే బిడ్డ నిద్రపోతుంది, అమ్మ ముగిస్తుంది. అమ్మ చేసిన పెట్టె చక్కగానే ఉంటుంది. అది అమ్మ ఇచ్చిన పెట్టె అవుతుంది.

> వేలూరులో చదువుకున్న టీచరు
>
> సెప్టెంబరు 5న దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం చేసుకోవడం 1962లో మొదలయింది. ఆ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, తిరుపతిలోనూ, వేలూరు ఊరీస్ కాలేజీలోనూ చదువుకున్నారు. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా వెళ్లేటప్పుడు, విద్యార్థులు బండికి పూలు కట్టి, గుర్రాలను విప్పేసి, తామే లాక్కుంటూ రైల్వే స్టేషనుకు తీసుకెళ్లారని చెబుతారు. వాళ్లు ఇచ్చింది భుజబలం. ఆ వయసుకు అదే వాళ్ల సొంతం. ఏడేళ్ల బిడ్డకు సొంతమైనవి వంకర అక్షరం, వేలిముద్ర, జ్ఞాపకం.

చేతికివ్వడం

కానుక ఎప్పుడివ్వాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. ఆఖరి గంట కొట్టాక టీచరు చుట్టూ గుంపు. రిజిస్టర్లు, తాళాలు, బస్సు వేళ. అప్పుడు ఇచ్చిన పెట్టె సంచిలోకి పోతుందే తప్ప టీచరుకు బిడ్డ కళ్లలోకి చూసే తీరిక ఉండదు. పొద్దున ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు ఉంటాయి. అదే మేలు. బిడ్డ సొంత చేత్తో ఇవ్వాలి. అమ్మ వెనక నిలబడి ఫొటో తీస్తే బిడ్డ టీచరును చూడదు, ఫోనును చూస్తుంది.

ఏమీ తేలేని పిల్లలు కూడా ఆ గదిలోనే ఉంటారు. అందుకే పిడికిట్లో దాగే వస్తువు మంచిది. పెద్ద పొట్లం పక్క పిల్లల చేతులను ఖాళీ చేతులుగా చూపిస్తుంది.

ఆ పొద్దున ఇంకో పెట్టె కూడా వెళ్లింది. నాలుగు గళ్లది. అది మధ్యాహ్నం అన్నం వండే సత్తుణవు అక్కకు. పాపే అడిగి చేయించుకుంది. గుడ్డు వలిచింది టీచరే అయినా ఉడకబెట్టింది అక్క కదా అని.

> కొరియాలో కార్నేషన్ పువ్వు
>
> దక్షిణ కొరియాలో మే 15 ఉపాధ్యాయ దినోత్సవం. టీచరుకు కార్నేషన్ పువ్వు ఇవ్వడం అక్కడి మర్యాద. తల్లిదండ్రులు ఇచ్చే ఖరీదైన కానుకలు, డబ్బు కవర్లు హద్దు మీరడంతో, 2016 సెప్టెంబరు 28 నుంచి అమల్లోకి వచ్చిన అవినీతి నిరోధక చట్టం టీచర్లకూ వర్తించింది. ఆ తరవాత ఏ విద్యార్థీ విడిగా పువ్వు ఇవ్వకూడదని, తరగతి ప్రతినిధి అందరి ముందూ ఇవ్వొచ్చని అధికారులు చెప్పారు. పెద్దల పోటీ పిల్లల చేతిలోని పువ్వును కూడా తీసేసుకుంది.

పర్సులోంచి బల్ల అరలోకి

వేసవి మాకు బెంగగానే గడిచింది. ఎండాకాలంలో ప్రభుత్వ టీచర్లకు బదిలీ కౌన్సెలింగు ఉంటుంది. జూన్‌లో బడి తెరిచాక ఎవరు ఉంటారో, ఎవరు ఏ ఊరికి పోతారో తెలియదు. ఆఖరి పనిదినాన పిల్లలు చెప్పే వీడ్కోలు చాలాసార్లు నిజంగానే ఆఖరిది అవుతుంది. ఆ రోజునే ఇవ్వాలని మేము పట్టుబట్టింది కూడా అందుకే.

టీచరుకు బదిలీ కాలేదు. జూన్‌లో బడి తెరిచారు. మూడో తరగతిలోకి వచ్చిన పాప మొదటి రోజు సాయంత్రం ఇంటికి వచ్చి సంచి కింద పెట్టకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

ఒకటో తరగతిలో కొత్తగా ఒక తెలుగు ఇంటి పిల్ల చేరిందట. గేటు దగ్గర ఏడుస్తోందట. చెప్పులు విప్పనంటోందట. తమిళంలో ఎవరు ఏం చెప్పినా అర్థం కావడం లేదు. అప్పుడు టీచరు తన బల్ల అర లాగి, సుద్దముక్కల పక్కనున్న గళ్ల గుడ్డ అగ్గిపెట్టె తీసి, ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుందట. పట్టీ లాగి రెండో గడి చూపించిందట.

"నాలుగు చెప్పులూ చూసింది పెద్దమ్మా ఆ పాప. టీచరు కాలికి చెప్పులుండేది చూసింది. ఏడుపు ఆపింది."

"మళ్లీ?"

"మళ్లీ ఇద్దరూ కలిసి ఇప్పినారు."